నాలుగో నంబరు ట్యూబులు ఎటు పోయాయి? మా పార్లర్‌లో స్టాక్ షీటు పెట్టిన నాలుగు నెలలు

విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక సందులో, మేడ మీద నాకు చిన్న లేడీస్ పార్లర్ ఉంది. మూడు కుర్చీలు, ఒక ఫేషియల్ మంచం, నాతో పాటు ఇద్దరు అమ్మాయిలు. తొమ్మిదేళ్లుగా సరుకు లెక్క నా తలలోనే ఉండేది. అల్మారా తలుపు తీసి ఒకసారి చూస్తే ఏం తెప్పించాలో తెలిసిపోతుందని అనుకునేదాన్ని. 2025 ఆగస్టు 7 సాయంత్రం వరకు అలాగే అనుకున్నాను.

ఆ మర్నాడు వరలక్ష్మీ వ్రతం. శ్రావణమాసంలో మాకు ఉండే రద్దీ అంతా ఆ ఒక్క రోజే వచ్చిపడినట్టుంది. ఆరున్నరకి ఒక టీచరుగారు కుదుళ్లకి రంగు వేసే రూట్ టచప్‌కి కూర్చున్నారు. ఆవిడది బ్రౌన్ నాలుగో నంబరు షేడ్. మా ఊళ్లో తెల్లవెంట్రుకలు కప్పించుకునేవాళ్లలో సగానికి పైగా అదే అడుగుతారు. మెడ చుట్టూ టవల్ కట్టి, జుట్టు నాలుగు పాయలుగా తీసి, అల్మారా తీస్తే ఒక్క ట్యూబు లేదు. మూడో నంబరు ఉంది, ఐదో నంబరు ఉంది, నాలుగు లేదు. పక్క వీధి ఫ్యాన్సీ షాపుకి పరుగెత్తించి, ఎమ్మార్పీ మీద రెండు ట్యూబులు తెప్పించేసరికి 40 నిమిషాలు గడిచాయి. ఆవిడ ఏమీ అనలేదు. ఫోన్‌లో టైమ్ చూసుకుంటూ కూర్చున్నారు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

జూలై 26న విశాఖ డీలరు దగ్గర నుంచి ఇదే షేడ్ 24 ట్యూబులు వచ్చాయి. అంతకు ముందువి 6 ఉన్నాయి. పన్నెండు రోజుల్లో 30 ట్యూబులు ఎటు పోయాయి? ఆ రాత్రి షట్టర్ సగం దించి బిల్లు పుస్తకం ముందేసుకున్నాను. నాలుగో నంబరుతో రూట్ టచప్‌లు 22, జుట్టంతా వేసే గ్లోబల్ కలర్లు 3. మా ట్యూబు 60 గ్రాములది. టచప్‌కి 40 గ్రాములు చాలని నా అనుభవం. అలా 880 గ్రాములు. గ్లోబల్‌కి పొడుగు జుట్టయితే 160 గ్రాముల దాకా పోతుంది, మూడింటికి 480. రెండూ కలిపితే 1,360 గ్రాములు. వచ్చింది 1,800. అంటే 440 గ్రాములు, ఏడు ట్యూబుల పైనే, లెక్కకు రావడం లేదు. ట్యూబు 320 రూపాయలు. అదే ఊపులో అల్మారాలో ఉన్నవన్నీ లెక్కపెట్టి, క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్నాను. రంగులో కలిపే డెవలపర్ బాటిళ్లు కూడా రాశాను. ఎందుకు రాశానో అప్పుడు నాకే తెలియదు. తరవాత నా పరువు నిలబెట్టింది ఆ ఒక్క గీతే.

తరవాత నేను చేసిన పని చెప్పడం కష్టంగా ఉంది, కానీ చెప్పాలి. 9వ తేదీ శనివారం పొద్దున, పెద్దమ్మాయి ముందే, చిన్నమ్మాయిని అడిగాను: "కలర్ ట్యూబులు ఇంటికేమైనా పట్టుకెళ్తున్నావా?" ఆ పిల్ల వాళ్ల పిన్నికి ఇంట్లోనే రంగు వేస్తుందని నాకు తెలుసు, అందుకని అనుమానం. ఆమె ముఖం చూస్తూనే తప్పు మాట అనేశానని అర్థమైంది. "ఏటి మేడం, అలగంటారు?" అని ఒక్క మాట అంది. మధ్యాహ్నం అన్నం తినకుండా వెళ్లిపోయింది. మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు వాళ్లమ్మతో వచ్చింది. ఆవిడ గుమ్మం బయటే నిలబడి, "మా పిల్ల చెయ్యి అలాటిది కాదమ్మా. మీరే లెక్క తీసి చూసుకోండి" అంది. చూపించడానికి నా దగ్గర లెక్క ఉంటే కదా.

ఆవిడ రాకకు ముందు రోజు, ఆగస్టు 12 మంగళవారం, నేను మొదటిసారి పూర్తి సరుకు లెక్క తీశాను. మంగళవారం మాకు గిరాకీ తక్కువ, ఆ రోజు కత్తెర వేయించుకోరు. రెండు గంటల పని అనుకున్నది ఐదు గంటలు పట్టింది. సీలున్నవి లెక్కపెట్టడం తేలికే. సగం వాడిన ట్యూబులు, అడుగున ఇంత క్రీము మిగిలిన డబ్బాలు, పాతిక ఉన్నాయో యాభై ఉన్నాయో తెలియని వ్యాక్స్ స్ట్రిప్పుల కట్టలు, ఇవే ప్రాణం తీశాయి. పై అరలో గడువు దాటిన బ్లీచ్ డబ్బాలు మూడు దొరికాయి. చివరకి ఒక పెద్ద లాంగ్ నోటు పుస్తకంలో గళ్లు గీసి, ఎవరు ఏది వాడినా వెంటనే రాయాలని చెప్పాను.

ఆ పుస్తకం రెండు వారాలు కూడా నడవలేదు. అమ్మాయిల తప్పేమీ లేదు. గ్లోవ్స్ నిండా రంగు ఉంటే పెన్ను ఎలా పట్టుకుంటారు? సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాసేవాళ్లు. గుర్తు తెచ్చుకుని రాసిన ప్రతి లైనులో "1 ట్యూబు" అనే ఉండేది. దాన్ని బట్టి ఏమీ తేలదు.

సెప్టెంబరు 2న మా మరిది కొడుకు సెలవులకి ఇంటికొచ్చాడు. విషయం విని, "పెద్దమ్మా, ట్యూబుల్లో కాదు, గ్రాముల్లో రాయండి" అన్నాడు. ఆ పూటే నా ఫోన్‌లో గూగుల్ షీట్స్‌లో మూడు పేజీలు చేసి ఇచ్చాడు. మొదటి పేజీలో వస్తువుల జాబితా: ఒక్కో వస్తువుకి చిన్న కోడ్, పేరు, మొదట లెక్కపెట్టిన నిల్వ. నాలుగో నంబరుకి `BR4`, 20 వాల్యూమ్ డెవలపర్‌కి `DV20`. రెండో పేజీ `In`, కొన్న సరుకు. మూడోది `Use`, వాడకం: తేదీ, స్లిప్పు నంబరు, కస్టమర్ పేరు, కోడ్, సర్వీసు, ఎన్ని గ్రాములు. ఇప్పుడు ఎంత ఉండాలో మొదటి పేజీలో దానంతట అదే వస్తుంది. ఒక్కటే ఫార్ములా:

```
=C2+SUMIFS(In!D:D,In!B:B,A2)-SUMIFS(Use!F:F,Use!D:D,A2)
```

`A2`లో కోడ్, `C2`లో మొదటి నిల్వ. దానికి ఆ కోడ్ మీద కొన్నదంతా కలిపి, ఆ కోడ్ మీద వాడిందంతా తీసేస్తుంది. డిగ్రీ చదవని నాకు కూడా అరగంటలో అర్థమైంది.

గ్రాములంటే కాటా కావాలి. 4వ తేదీన 450 రూపాయలు పెట్టి వంటింటి డిజిటల్ కాటా కొన్నాను, ఒక్క గ్రాము తేడా కూడా చూపించేది. బౌల్ పెట్టి, సున్నా చేసి, కావలసినంత రంగు పిండాలి. మళ్లీ సున్నా చేసి డెవలపర్ పోయాలి. డెవలపర్ మిల్లీలీటర్లలో అమ్ముతారు కానీ తూకం దాదాపు అంతే వస్తుంది, కాబట్టి కొలత గ్లాసు అక్కర్లేదు. మేము వాడే రంగుకి ఒకటికి ఒకటిన్నర డెవలపర్. 40 గ్రాముల రంగుకి 60. కాటాతో ఒక చికాకు ఉంది. రెండు నిమిషాలు ముట్టుకోకపోతే ఆరిపోతుంది, సున్నా పోతుంది. మధ్యలో ఫోన్ వస్తే మళ్లీ మొదటికే. అందుకని బౌళ్ల అడుగున వాటి ఖాళీ బరువు పర్మనెంట్ మార్కర్‌తో రాసేశాం. మా నల్ల బౌల్ 92 గ్రాములు.

కలిపేవాళ్లు షీటులో రాయరు. కాటా పక్కన చిన్న స్లిప్పుల పుస్తకం, దారంతో కట్టిన పెన్సిల్. గ్లోవ్స్ వేసుకోక ముందే కొలిచి, ఒక అంకె వేసి, అప్పుడు గ్లోవ్స్ తొడుక్కుంటారు. రాత్రి నేను ఆ స్లిప్పులు చూసి షీటులో ఎక్కిస్తాను, పది నిమిషాల పని. పని క్రమం మార్చాకే రాత నిలబడింది.

కానీ మొదటి వారంలోనే నా గుండె ఆగినంత పనైంది. 9వ తేదీ మంగళవారం లెక్కలో నాలుగో నంబరు షీటులో 660 గ్రాములు ఉన్నట్టు చూపిస్తోంది, అరలో 480 మాత్రమే ఉన్నాయి. మళ్లీ మూడు ట్యూబులు! చిన్నమ్మాయి అక్కడే టవల్స్ మడతపెడుతోంది. ఈసారి నోరు మూసుకున్నాను. ఇంటికెళ్లి `Use` పేజీ లైను లైనుగా చూస్తే, నాలుగు చోట్ల నేనే `BR4` బదులు మధ్యలో ఖాళీ వదిలి `BR 4` అని కొట్టాను. షీటుకి అది వేరే వస్తువు. ఆ నాలుగు లైన్లూ కలిపితే సరిగ్గా 180 గ్రాములు. మర్నాడే మా మరిది కొడుకు ఫోన్‌లో చెబుతుంటే, కోడ్ గడిలో డ్రాప్‌డౌన్ జాబితా పెట్టించాను. కోడ్ ఇప్పుడు చేత్తో కొట్టే పని లేదు, ఎంచుకోవడమే.

అసలు జవాబు మాత్రం అంతకు మూడు రోజుల ముందే నా కళ్ల ముందుకొచ్చింది. అప్పుడు పట్టుకోలేకపోయాను. 6వ తేదీ శనివారం అదే టీచరుగారు వచ్చారు. నెలకోసారి వస్తారు. పెద్దమ్మాయి ఎప్పటిలాగే ట్యూబు మొత్తం పిండేసింది. 60 రంగు, 90 డెవలపర్, మొత్తం 150 గ్రాములు. వేయడం అయ్యాక బౌల్ సింకు దగ్గరకి తీసుకెళ్తుంటే ఆపి, కాటా మీద పెట్టించాను. బౌల్ బరువు తీసేస్తే 58 గ్రాములు మిగిలాయి. ఒకటికి ఒకటిన్నర కలిపినప్పుడు మొత్తం రెండున్నర భాగాలు, అందులో రంగు ఒక భాగం. 58ని రెండున్నరతో భాగిస్తే 23. అంటే తల మీదకి వెళ్లింది 37 గ్రాములు, సింకులోకి 23.

ఆ వారమంతా ప్రతి టచప్ తరవాత మిగిలింది తూచాం. 17, 24, 19, 22. 20కి అటూ ఇటూ. షీటులో దానికి ఇంకో గడి పెట్టాను: 'మిగులు'. ఇక్కడ కూడా మొదట ఒక పొరపాటు చేశాం. వాడకం గడిలో తల మీదకి వెళ్లిన 37 మాత్రమే రాశాం. మిగులు తిరిగి అరలోకి రాదు కదా. ట్యూబులోంచి బయటికొచ్చిన 60 మొత్తం వాడకమే. మిగులు గడి మన తెలివిడికి, స్టాకులోంచి తీసేది మాత్రం పిండినదంతా.

సెప్టెంబరు 16 రాత్రి డెవలపర్ నిల్వలు ఎక్కిస్తూ, పాతవి ఏమున్నాయా అని ఆ క్యాలెండర్ కాగితం తీశాను. ఆగస్టు 7 నాటి రాత: డెవలపర్ 1,000 మిల్లీలీటర్ల బాటిల్ ఒకటి, కొద్దిగా వాడింది. జూలై 26 నాటికి మొత్తం నాలుగు బాటిళ్లు. ఒకదాంట్లో 950 దాకా మిగిలిందనుకుంటే 3,050 వాడేశాం. ఆ పన్నెండు రోజుల్లో వేరే షేడ్లు నాలుగు ట్యూబులు అయ్యాయి, వాటికి 360. మిగతా 2,690 నాలుగో నంబరుకే. నాలుగో నంబరు 1,800 గ్రాములకి ఒకటిన్నర రెట్లు ఎంత? 2,700.

కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. ట్యూబులు ఎవరైనా ఇంటికి పట్టుకెళ్తే మా డెవలపర్ అంత ఖర్చవదు. 1,360 గ్రాములే కలిపి ఉంటే 2,040 సరిపోవాలి. 2,700 అయిందంటే 30 ట్యూబులూ మా బౌళ్లలోనే కలిశాయి. 22 టచప్‌లకి తలా 20 గ్రాములు సింకులో పోస్తే 440. నేను ఒక పిల్లని దొంగ అన్న 440 గ్రాములు అవే.

రంగు, డెవలపర్ రెండూ వాడే ఎవరికైనా నేను చెప్పేది ఇది. రెండూ ఒకే రోజు లెక్కపెట్టండి. రంగు తగ్గి, డెవలపర్ దానికి సరిపడా తగ్గకపోతే ట్యూబు బయటికి వెళ్లింది, లేదా మీరు తప్పు లెక్కపెట్టారు. రెండూ కొలత ప్రకారం కలిసి తగ్గితే, కలిపి పారబోస్తున్నారు, లేదా వేసి బిల్లు రాయడం లేదు. ఆ రెండింట్లో ఏదో మిగులు గడి చెబుతుంది.

మర్నాడు పొద్దున పెద్దమ్మాయి ముందే, ఎక్కడ ఆ మాట అన్నానో అక్కడే, చిన్నమ్మాయికి కాగితం చూపించి లెక్క చెప్పాను. తప్పు నాదేనన్నాను. సాయంత్రం వాళ్లింటికి వెళ్లి వాళ్లమ్మకీ చెప్పాను. ఆవిడ టీ పెట్టి ఇచ్చింది. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు.

ట్యూబు మొత్తం ఎందుకు పిండుతున్నారని అప్పుడు అడిగాను. పెద్దమ్మాయి కాస్త తటపటాయించి చెప్పింది: "మీరే కదా మేడం, తెరిచిన ట్యూబు ఉంచొద్దన్నారు." నిజమే. రెండేళ్ల కిందట మూత సరిగ్గా పెట్టని ట్యూబు ఒకటి మూతి దగ్గర నల్లబడి గట్టిపడింది. దాంతో వేసిన రంగు మచ్చలు మచ్చలుగా పట్టింది. ఆ కోపంలో నేను పెట్టిన నియమం అది. వాళ్లు పాటిస్తూనే ఉన్నారు. పైగా మధ్యలో తక్కువైతే మళ్లీ కలపాలి, ముందు వేసినదానికీ తరవాత వేసినదానికీ టైము తేడా వస్తుంది, అందుకని ఎక్కువే కలిపేవాళ్లు. అదీ సబబే.

ఇప్పుడు చేసే పద్ధతి ఇలా ఉంది. మొదట 40 గ్రాములే కలుపుతాం. జుట్టు ఒత్తుగా ఉంటే మొదలుపెట్టక ముందే 50 అనుకుంటాం. మిగిలిన ట్యూబుని అడుగు నుంచి నొక్కి గాలి పోగొట్టి, మూతి తుడిచి, మూత బిగించి, తెరిచిన తేదీ ట్యూబు మీదే రాస్తాం. కొత్తది తెరిచే ముందు తెరిచి ఉన్నదే వాడాలి. మా దగ్గర నాలుగో నంబరు తెరిచాక వారం దాటి ఉండదు. ఎప్పుడో ఒకరు అడిగే ఎరుపు షేడ్లు ఉండిపోతాయి. నెల దాటితే మూతి దగ్గరది కొంచెం పిండి పారేసి, లోపలి రంగు మామూలుగా ఉందో లేదో చూశాకే వాడతాం. కలిపేసిన రంగు మాత్రం దాచడానికి లేదు. డెవలపర్ తగిలిన దగ్గర నుంచి అది పని చేస్తూనే ఉంటుంది, అరగంటలో బౌల్‌లోనే ముదురుతుంది. పొదుపని సీసాలో పోసి మూత పెడితే లోపల గ్యాసు చేరి సీసా పగలొచ్చు కూడా. మా పెద్దమ్మాయి ఒకసారి పెట్టబోతే ఆపాను.

క్రీముల సంగతి వేరు. ఫేషియల్ మసాజ్ క్రీముని కూడా మనిషికింత అని తూచబోయి నాలుగు రోజుల్లో మానేశాం. మంచం మీద మనిషి కళ్లు మూసుకుని ఉంటే, కాటా దగ్గరకి తిరగడం కుదరదు. దానికి బదులు ప్రతి మంగళవారం డబ్బా మొత్తం తూస్తాం. పోయిన వారం బరువులోంచి ఈ వారానిది తీసేసి, ఆ వారం చేసిన ఫేషియల్స్‌తో భాగిస్తాం. సెప్టెంబరులో మనిషికి 15 గ్రాములు వచ్చింది, అక్టోబరు మొదటి వారం 24కి ఎక్కింది. చూస్తే, స్పాచులా విరిగిపోయి చేత్తో తీస్తున్నారు. చెయ్యి పెడితే క్రీము ఎక్కువ రావడమే కాదు, డబ్బా కూడా పాడవుతుంది. 40 రూపాయల స్పాచులాలు అరడజను తెచ్చాక 16కి దిగింది. డబ్బా మీద మూత తెరిచిన బొమ్మ, అందులో 12M అని ఉంటుంది. తెరిచాక 12 నెలల్లో వాడాలని దాని అర్థం. అందుకే తెరిచిన తేదీకి కూడా ఒక గడి ఉంది.

డిస్పోజబుల్స్ దగ్గర ఇంకో దెబ్బ తిన్నాను, అది కూడా పండగ ముందే. అక్టోబరు 6, పైడితల్లి అమ్మవారి తొలేళ్లు. మర్నాడు సిరిమానోత్సవం. ఊరంతా చుట్టాలు, మా మెట్ల మీద కూడా జనం. నాలుగింటికి పెద్దమ్మాయి "మేడం, గ్లోవ్స్ అయిపోనాయి" అంది. షీటు తీస్తే 75 ఉన్నట్టుంది. నేను కొన్నప్పుడు పెట్టెకి 100 అని ఎక్కించాను. వంద అంటే వంద చేతులు, యాభై జతలు. వాడకంలో కలర్‌కి 1 అని రాశాం, మా ఉద్దేశం ఒక జత. పైగా వేసేటప్పుడు ఒక జత, కడిగేటప్పుడు ఇంకో జత. ఒక్కో కలర్‌కి నాలుగు పోవాల్సింది ఒకటే పోయింది. మెడికల్ షాపులో పెట్టెకి 90 రూపాయలు ఎక్కువ ఇచ్చి తెచ్చుకున్నాం. ఆ రాత్రి ప్రతి వస్తువు పక్కన 'ఒకటి అంటే ఏంటి' అని ఒక గడి పెట్టి నింపాను. గ్లోవ్: ఒక చెయ్యి. స్ట్రిప్: ఒక ముక్క. బెడ్ రోల్: ఒక మంచం పొడుగు. అప్పటి నుంచి డిస్పోజబుల్స్ విడివిడిగా రాయించడం కూడా మానేశాను. సర్వీసు పేరు రాస్తే చాలు, టచప్‌కి 4 గ్లోవ్స్, 1 గౌను, ఫేషియల్‌కి 1 హెడ్ బ్యాండ్, 1 బెడ్ షీట్ అని నేనే రాత్రి ఎక్కిస్తాను. మంగళవారం లెక్కలో తేడా వస్తే సరిచేస్తాను. ఐదారు ముక్కల తేడాకి ఎవరినీ అడగను.

మనిషి మనిషికీ వాడకం రాయడం వల్ల నేను అనుకోని తలనొప్పి ఒకటి వచ్చింది. ఒక కస్టమర్‌కి ప్రతిసారీ 70 గ్రాములు పడుతోందని నవంబరులో షీటు చూపించింది. ఆవిడ ఇస్తున్నది మిగతా వాళ్లు ఇచ్చే ధరే. ఎక్కువ అడిగితే, "ఏటమ్మా, జుట్టు తూకం వేసి డబ్బులు తీసుకుంటారా ఇప్పుడు?" అన్నారు. నాకు ముఖం చెల్లలేదు. ఆ రోజు పాత ధరే తీసుకున్నాను. తరవాత గోడ మీద కాగితం పెట్టాను: టచప్ ధర 40 గ్రాముల రంగు వరకు, ఆ పైన సగం ట్యూబుకి 150. కలపక ముందే చెబుతాం. ఆవిడ మళ్లీ వచ్చారు, 150 ఇచ్చారు. ఇంకొకరు రావడం మానేశారు. ఆ ఒక్కరి గురించి ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

ఆ గడుల్లోనే ఎవరికి ఏ షేడ్, ఏ డెవలపర్, చెవి వెనక ప్యాచ్ టెస్ట్ ఏ రోజు వేశాం, దురద వచ్చిందా అనేవి కూడా ఉంటాయి. టెస్ట్ వేసి 48 గంటలు చూడాలి. ముగ్గురు కొత్తవాళ్లలో ఒకరికి దురద వచ్చిందని రాసి ఉండడం వల్లే, నేను లేని రోజు పెద్దమ్మాయి ఆవిడకి రంగు వేయకుండా ఆపగలిగింది.

నవంబరులో నాలుగో నంబరు టచప్‌లు 27 చేశాం. అయింది 1,110 గ్రాములు, మనిషికి 41. పాత పద్ధతిలో అయితే 27 ట్యూబులు పోయేవి, ఇప్పుడు పద్దెనిమిదిన్నర. ట్యూబు 320 చొప్పున నెలకి 2,700 రూపాయలు మిగిలాయి. ఇంకా ముఖ్యం, సరుకు ఎప్పుడు చెప్పాలో తెలుస్తోంది. వారానికి నాలుగైదు ట్యూబులు పోతాయి, విశాఖ నుంచి బస్సు పార్సిల్ రావడానికి నాలుగు రోజులు. 480 గ్రాముల కిందకి దిగితే గడి ఎర్రగా మారేలా పెట్టుకున్నాను. శ్రావణం, దసరా ముందు ఆ అంకెని 900 చేయాలి.

థ్రెడింగ్ దారం, దూది, టిష్యూలు నేను రాయడం లేదు. రాసేవాళ్ల సమయమే వాటి ఖరీదు కన్నా ఎక్కువ.

డిసెంబరు 30 మంగళవారం ఏడాది చివరి లెక్క. ఈసారి నేను ముట్టుకోలేదు, చిన్నమ్మాయే తూచి చెప్పింది, నేను ఫోన్‌లో చూశాను. నాలుగో నంబరు షీటులో 618 ఉండాలి, అరలో 580 ఉంది. 38 తక్కువ. ఆమె నా ముఖం వైపు చూసింది. నేను బిల్లు పుస్తకం తీసి ఆమె చేతికే ఇచ్చి, స్లిప్పులతో పోల్చమన్నాను. 24వ తేదీ సాయంత్రం బిల్లు ఒకటి ఉంది, దానికి స్లిప్పు లేదు. పావుగంట వెతికి, గ్లోవ్స్ పెట్టె వెనక గోడకి ఆనుకుని పడి ఉన్న కాగితం తీసి తెచ్చింది. రంగు మరకల మధ్య నా చేతిరాత: 38.